అద్దె ఫ్లాట్ ప్రకటన స్క్రీన్‌షాట్ చేతికొచ్చాక: అనుమానాలు, బేరం, ఓనరుకు పంపే మెసేజ్

అద్దె ఇంటి ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపేస్తారు. కింద ఒక్క ముక్క రాయరు. పంపినవాళ్లకు కావలసింది సాధారణంగా మూడింటిలో ఒకటి: ఇది మోసమా కాదా, ఎంతకు బేరం ఆడొచ్చు, ఓనరుకు ఏమని రాయాలి. ఏది కావాలో వాళ్లకే తెలియదు కాబట్టి ఈ మూడూ ఇదే వరుసలో చూడాలి. మోసమని తేలాక బేరంతో పనుండదు. అసలు ఖర్చెంతో తెలియకుండా ఓనరుకు మెసేజ్ పెడితే అడగాల్సినవి మిగిలిపోతాయి.

ఉదాహరణకు ఈ ప్రకటన తీసుకుందాం. బ్యాంకు ఉద్యోగంలో బదిలీ అయి, భార్య, చిన్నపిల్లతో భీమవరం వస్తున్న ఒకరికి వచ్చింది అనుకోండి.

"టూలెట్. భీమవరం, జేపీ రోడ్డు దగ్గర. డబుల్ బెడ్‌రూమ్, 1,150 ఎస్‌ఎఫ్‌టీ, సెమీ ఫర్నిష్డ్, రెండో అంతస్తు, లిఫ్ట్, కార్ పార్కింగ్, 24 గంటలూ నీళ్లు. అద్దె 13,000, మెయింటెనెన్స్ అదనం. అడ్వాన్సు 3 నెలలు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఒక నెల అద్దె. ఫ్యామిలీకి మాత్రమే. ఓనరు ఊళ్లో లేరు, ఫోన్‌లో మాట్లాడండి. నెగోషియబుల్."

1. ముందు స్క్రీన్‌షాట్ పూర్తిగా ఉందో లేదో చూడండి

చాలా స్క్రీన్‌షాట్లలో పైభాగమో అడుగుభాగమో తెగిపోయి ఉంటుంది. తెగిన చోటే పనికొచ్చే సంగతులు ఉంటాయి: ఎప్పుడు పెట్టారు, పెట్టింది ఓనరా బ్రోకరా, ఫొటోలు ఎన్ని.

- ప్రకటన తేదీ. రెండు నెలల కిందటిదై ఇంకా ఖాళీగా ఉందంటే బేరానికి చోటుంది, లేదా ఇంట్లో ఏదో లోపముంది.
- పెట్టినవారి పేరు పక్కన ఓనర్ అని ఉందా, ఏజెంట్ అని ఉందా.
- అసలు ప్రకటన లింకు. స్క్రీన్‌షాట్ ఒక్కటే దాచుకుంటే రేపు ఆ ప్రకటన మారినా తీసేసినా తెలియదు.
- ఫోన్ నంబరు. దాన్ని కోట్స్‌లో పెట్టి గూగుల్‌లో వెతకండి. అదే నంబరుతో ఒకే వారంలో విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ ఫ్లాట్లు అద్దెకు కనిపిస్తే అక్కడితో ఆపేయొచ్చు.

2. ఫొటోలు ఒకే ఇంటివేనా

కిటికీ గ్రిల్ డిజైను, గోడ అడుగున స్కర్టింగ్ టైలు రంగు, స్విచ్‌బోర్డుల రకం చూడండి. ఒకే ఫ్లాట్ అయితే హాల్లో ఒకలా, బెడ్‌రూమ్‌లో ఇంకోలా ఉండటం అరుదు. అనుమానం వస్తే ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేయండి. ఎక్కడో ముంబై ఫ్లాట్ ఫొటో ఎత్తుకొచ్చి ఉంటే సాధారణంగా దొరికిపోతుంది.

బాల్కనీలోంచి తీసిన ఫొటో ఉంటే ఇంకా మంచిది. దూరాన కొండ కనిపించిందంటే అది భీమవరం కాదు. చుట్టూ వరిచేలు, చేపల చెరువులు తప్ప మన వైపు కొండెక్కడిది?

వంటగది, బాత్రూమ్ ఫొటోలు లేవంటే వాటిని దాచారని అర్థం. మోసం కాకపోవచ్చు. కానీ కుళాయిలకు తెల్లగా పట్టిన ఉప్పు, సింకు కింద చెమ్మ కనిపించకూడదని వదిలేసి ఉండొచ్చు.

3. "ఓనరు ఊళ్లో లేరు" అన్నప్పుడు

ఈ మాట ఒక్కటే ఉంటే భయపడక్కర్లేదు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన ఓనర్లు గోదావరి జిల్లాల్లో కావలసినంతమంది. ఇల్లు చూపించడానికి వాచ్‌మెనో బావమరిదో ఉంటారు. చూపించేవాళ్లే లేరు, డబ్బు మాత్రం ముందు పంపమంటున్నారు అంటే అప్పుడు టెన్షన్ పడాలి.

బాగా నడుస్తున్న మోసం ఇలా ఉంటుంది. అవతలివాడు ఆర్మీలోనో సీఐఎస్‌ఎఫ్‌లోనో ఉన్నానంటాడు. యూనిఫాం ఫొటో, ఐడీ కార్డు తనే పంపిస్తాడు. గేటు పాస్‌కో, ఫ్లాట్ బుక్ చేసి ఉంచడానికో కొంత పంపమంటాడు, తర్వాత తిరిగి ఇస్తానంటాడు. తిరిగి ఇచ్చే వంకతో క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికో, బ్యాలెన్స్ చూసుకోవడానికో. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు.

ఈ కింది వాటిలో ఒక్కటి కనిపించినా రూపాయి పంపకండి:

- ఇల్లు చూడకముందే టోకెన్ అడగడం.
- యూపీఐలో కనిపించే పేరు, ఓనరు చెప్పిన పేరు వేరు కావడం, దానికి సరైన కారణం చెప్పలేకపోవడం.
- అదే వీధిలో మిగతా ఫ్లాట్ల అద్దెకంటే ఇది సగమే ఉండటం.
- లైవ్ వీడియో కాల్‌లో ఇల్లు చూపించమంటే ముందే తీసిన వీడియో పంపడం.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయాలి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోయి, ఆపడం కష్టమవుతుంది.

4. "24 గంటలూ నీళ్లు" అనే మాటను విప్పి చదవడం

డెల్టాలో అద్దె ఇంటి మంచీచెడూ సగం ఇక్కడే తేలుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేదీ ఇక్కడే.

భీమవరం, నరసాపురం వైపు భూగర్భ జలం చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. 24 గంటలూ నీళ్లంటే సాధారణంగా బోరు నీళ్లు. బాత్రూమ్‌కు, అంట్లకు వాడుకోవచ్చు. కానీ సబ్బు నురగ రాదు, గీజర్ కాయిల్‌కు పొర కడుతుంది, తలస్నానం చేస్తే జుట్టు గరుకుగా తయారవుతుంది. మున్సిపల్ కుళాయి నీళ్లు వేరు. అవి గోదావరి కాలువల నుంచి మంచినీటి చెరువుల్లోకి, అక్కడి నుంచి శుద్ధి చేసి ఇళ్లకు వస్తాయి. రోజంతా రావు, వేళ ప్రకారం వదులుతారు.

అసలు పరీక్ష వేసవిలో. ఏప్రిల్‌లో పంట కాలువలు కట్టేస్తారు, మళ్లీ నీళ్లు వదిలేది జూన్ ప్రాంతంలో. ఈలోపు ఊరు నడిచేది ముందే నింపి ఉంచిన చెరువుల నీటితోనే. అందుకే నీళ్లు వస్తాయా అని అడిగితే జవాబు ఎప్పుడూ "ఓ, వస్తాయండి" అనే ఉంటుంది. ఇలా అడగండి:

- కుళాయి నీళ్లు ఏ వేళకు, ఎంతసేపు వస్తాయి?
- మే నెలలో కాలువలు కట్టేసినప్పుడు ఎలా వస్తాయి? ట్యాంకరు తెప్పిస్తే ఖర్చు ఎవరిది?
- కుళాయి నీళ్లకు విడిగా సంపు, ట్యాంకు ఉన్నాయా, లేక బోరు నీళ్లలోనే కలిసిపోతాయా?
- వంటగదిలో రెండు పంపులు ఉన్నాయా?

మూడో ప్రశ్న చాలామందికి తట్టదు. రెండు రకాల నీళ్లూ ఒకే ట్యాంకులోకి పోతే కుళాయి ఉన్నా లేనట్టే. వంటకు కూడా క్యాన్ కొనుక్కోవాలి.

5. ప్రకటనలోని అద్దెను అసలు అద్దెగా మార్చడం

ప్రకటనలో 13,000 అని ఉంది. బేరానికి ముందు 11 నెలల మొత్తం ఖర్చు రాసుకోవాలి. మెయింటెనెన్స్ 1,500 అని ఫోన్‌లో తెలిసిందనుకుందాం. బ్రోకరుకు అర నెల అద్దె, మంచినీళ్ల క్యాన్లకు నెలకు 300 వేసుకుందాం.

- అద్దె, మెయింటెనెన్స్: 14,500 × 11 = 1,59,500
- పెయింటింగ్ కోత: 13,000
- బ్రోకరు: 6,500
- క్యాన్లు: 300 × 11 = 3,300
- మొత్తం: 1,82,300. నెలకు దాదాపు 16,570

అంటే ఇది 13 వేల ఇల్లు కాదు, పదహారున్నర వేల ఇల్లు. పక్క వీధిలో మెయింటెనెన్స్ కలిపి 15,000 అన్న ఫ్లాట్, పెయింటింగ్ కోత లేకపోతే, దీనికంటే చవక. ప్రకటనల్లో అద్దెలు పక్కపక్కన పెట్టి పోలిస్తే ఇది కనపడదు.

ఇందులో ఎక్కువ నొప్పి కలిగించేది పెయింటింగ్ మాట. 11 నెలలకే ఖాళీ చేసేవాళ్లకు అది నెలకు సుమారు 1,180 అదనపు అద్దె. మూడేళ్లుంటే నెలకు సుమారు 360 మాత్రమే. మీరు ఎన్నాళ్లుంటారన్నదాన్ని బట్టి దాని మీద ఎంత పట్టుబట్టాలో నిర్ణయించుకోండి. బదిలీ ఉద్యోగులకు ఇది అద్దెకంటే ముఖ్యం.

కరెంటు సంగతి ప్రకటనలో లేనే లేదు. ఫ్లాట్‌కు సొంత మీటరు ఉంటే ఈపీడీసీఎల్ బిల్లు ప్రకారం కడతారు. సబ్ మీటరు అయితే ఓనరు యూనిట్‌కు ఇంత అని చెబుతారు. మన దగ్గర వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. రెండు ఇళ్లు ఒకే మీటరు మీద ఉంటే మొత్తం పైస్లాబులోకి వెళ్లి, తక్కువ వాడినవాళ్లూ ఎక్కువ కడతారు. సొంత మీటరు ఉన్నా చివరి బిల్లు చూడాలి. పాత కుటుంబం పెట్టిన బకాయి మీ నెత్తిన పడకూడదు.

1,150 ఎస్‌ఎఫ్‌టీ మీద ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. మెట్లు, లిఫ్ట్, కారిడార్ వాటా కలిపి చెప్పే లెక్క అది. లోపల నడిచే చోటు అంతకంటే బాగా తక్కువ ఉంటుంది. మీ మంచం, బీరువా కొలతలు పట్టుకుని వెళ్తే చాలు.

6. ఓనరుకు మొదటి మెసేజ్

మొదటి మెసేజ్‌లో బేరం పెట్టకండి. ఇల్లు చూడకముందే "ఎంత తగ్గిస్తారు" అన్నవాళ్లకు ఓనర్లు జవాబివ్వడం మానేస్తారు. మీరెవరో రెండు మాటల్లో చెప్పి, రాతపూర్వకంగా జవాబు కావలసిన ప్రశ్నలు మాత్రమే అడగండి. ఆ జవాబులు తర్వాత అగ్రిమెంటుకు ఆధారం అవుతాయి.

"నమస్కారం అండి. జేపీ రోడ్డు దగ్గర డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ప్రకటన చూసి రాస్తున్నాను. నేను బ్యాంకులో పనిచేస్తాను, భీమవరం బదిలీ అయింది. నేను, మా ఆవిడ, పాప ఉంటాం. అప్పుడప్పుడు అమ్మానాన్నలు వస్తారు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఇల్లు కావాలి. ఇల్లు ఇంకా ఖాళీగానే ఉందా అండి? మెయింటెనెన్స్ ఎంత, అందులో ఏమేం కలుస్తాయి? కుళాయి నీళ్లకు విడిగా ట్యాంకు ఉందా? కరెంటు మీటరు విడిగా ఉందా? హెచ్‌ఆర్‌ఏ కోసం రసీదు, పాన్ నంబరు ఇవ్వగలరా? ఈ ఆదివారం పొద్దున వచ్చి చూస్తాం, ఎవరిని కలవాలో చెప్పండి."

అమ్మానాన్నల మాట ముందే చెప్పడం మంచిది. "ఫ్యామిలీకి మాత్రమే" అన్న ఓనర్లు కొందరు తర్వాత "ముగ్గురన్నారు, ఐదుగురు ఉంటున్నారు" అని మెయింటెనెన్స్ పెంచుతారు.

పాన్ ప్రశ్న ఊరికే పెట్టింది కాదు. పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు తీసుకునేవాళ్లు ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే ఓనరు పాన్ తమ ఆఫీసుకు ఇవ్వాలి. 13,000 అద్దె అంటే ఏడాదికి 1,56,000. చేరాక అడిగితే "పాన్ అయితే అద్దె పెంచాలి" అంటారు. కొత్త విధానంలో ఉన్నవాళ్లు ఈ వాక్యం తీసేయొచ్చు.

7. చూడటానికి వెళ్లినప్పుడు

వీలైతే వాన పడిన మర్నాడు వెళ్లండి. డెల్టాలో నేల పల్లం, డ్రైనులో నీళ్లు మెల్లగా కదులుతాయి. అక్టోబరు, నవంబరు తుపాన్లలో వీధి ఎలా ఉంటుందో ఏ ప్రకటనా చెప్పదు, కానీ కింద పార్కింగ్ చెబుతుంది. గోడ మీద నీటి మరక గీత ఏ ఎత్తులో ఉందో చూడండి. మోటారు స్టార్టరు డబ్బా మామూలుగా చేతికందే ఎత్తులో ఉంటుంది. దాన్ని తలకు పైన బిగించారంటే అక్కడికి ఒకప్పుడు నీళ్లు వచ్చి ఉంటాయి. ఆ మాట వాచ్‌మెన్‌ను అడగండి, ఓనరును కాదు.

ఇంట్లోకి వెళ్లాక ఈ వరుసలో:

- వంటగదిలో, బాత్రూమ్‌లో పంపు తిప్పి సబ్బుతో చేతులు కడగండి. నురగ రాకపోతే బోరు నీళ్లే.
- నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ పెన్ ఉంటే వంటగది నీళ్లు కొలవండి. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకని చోట 2,000 దాకా ఒప్పుకుంటారు. అయితే టీడీఎస్ తక్కువగా ఉన్నంత మాత్రాన నీళ్లు సురక్షితమని కాదు, క్రిముల సంగతి అది చెప్పదు.
- గోడ అడుగు, అలమరాల వెనక చేత్తో తాకండి. తెల్లగా పొడి రాలుతున్నా, రంగు పొంగి పెచ్చులూడుతున్నా చెమ్మ ఉంది. ఒక్క గోడకే కొత్త పెయింట్ వేసి ఉంటే ఆ గోడ దగ్గర ఇంకాసేపు నిలబడండి.
- కిటికీలకు, బాల్కనీకి దోమల మెష్ ఉందా, చిరుగులున్నాయా.
- కరెంటు పోతే లిఫ్ట్, మోటారు జనరేటరు మీద నడుస్తాయా. తుపాను తర్వాత రెండు రోజులు కరెంటు రాకపోతే రెండో అంతస్తుకు నీళ్లు ఎక్కేది దానితోనే.
- సెమీ ఫర్నిష్డ్ అంటే ఏమేం ఉన్నాయో ఫొటోలు తీయండి. ఫ్యాన్లు, గీజర్ పనిచేస్తున్నాయో స్విచ్ వేసి చూడండి.

బయటికొచ్చాక ఎదురు ఫ్లాట్ వాళ్లను పలకరించండి. పాతవాళ్లు ఎందుకు ఖాళీ చేశారో వాళ్లకే తెలుస్తుంది.

8. బేరం: ఏది ముందు, ఏది తర్వాత

నెగోషియబుల్ అని రాశారు కదా అని నేరుగా "11,000కి ఇస్తారా" అనకండి. ఓనరు అద్దె అంకెను తగ్గించుకోవడానికి ఇష్టపడరు. పై ఫ్లాట్ వాళ్లకు తెలిస్తే వాళ్లూ అడుగుతారు. ఒక్కసారి తేలిపోయే వాటిలో దిగిరావడం ఆయనకు తేలిక. అందుకే ముందు పెయింటింగ్, తర్వాత రిపేర్లు, ఆ తర్వాత అడ్వాన్సు, చివర్లో అద్దె.

"ఇల్లు నచ్చిందండి. రెండు మూడు మాటలు కుదిరితే ఇవాళే ఖాయం చేసుకుంటాం. పెయింటింగ్‌కు నెల అద్దె కాకుండా 5,000 దాటకుండా పెట్టుకుందాం. చిన్న బెడ్‌రూమ్ గోడ చెమ్మ, బాత్రూమ్ పంపు లీకు మేం రాకముందే చేయించాలి. అడ్వాన్సు రెండు నెలలది ఇస్తాం. అద్దె 12,500 చేస్తే ఒకటో తారీఖునే బ్యాంకు ద్వారా పంపుతాం."

ఆయన పెయింటింగ్‌కు, అద్దెకు ఒప్పుకున్నారనుకుందాం. మొత్తం 1,82,300 నుంచి 1,68,550కి దిగుతుంది. తగ్గిన 13,750లో 8,000 పెయింటింగ్ నుంచే వచ్చింది, అద్దె నుంచి 5,500, బ్రోకరుకిచ్చే అర నెల అద్దెలో 250. అద్దె దగ్గర ఆయన బిగుసుకుని ఉన్నా మీకు పెద్ద లాభమే దక్కేది.

బేరంలో జరిగే మామూలు పొరపాట్లు రెండు. లోపాలన్నీ ఏకరువు పెట్టడం ఒకటి. ఓనరుకు ఇల్లు సొంత బిడ్డ లాంటిది, ఐదు వంకలు పెడితే మనసు విరిగిపోతుంది. అసలైనవి రెండే చెప్పండి. ఇంకొకటి, బ్రోకరు ముందు మీ గరిష్ఠ అంకె బయటపెట్టడం. ఆయన కమీషను అద్దెను బట్టి వస్తుంది.

9. అగ్రిమెంటు, తాళాలు

అగ్రిమెంటు సాధారణంగా 11 నెలలకు రాస్తారు. కేంద్ర చట్టంలో ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి ఈ పద్ధతి వచ్చింది, అయితే ఆంధ్రప్రదేశ్ సవరణ ప్రకారం ఇక్కడ ఏడాది లోపు లీజుకూ రిజిస్ట్రేషన్ కావాలి. అడ్వాన్సు ఇచ్చేముందు ఇంటి పన్ను రసీదు మీద, కరెంటు బిల్లు మీద ఉన్న పేరు, సంతకం పెట్టేవారి పేరు ఒకటేనా చూడండి. ఓనరు ఊళ్లో లేక బంధువు సంతకం పెడుతుంటే, ఓనరు నుంచి అధికార పత్రమో, కనీసం ఆయన నంబరు నుంచి రాతపూర్వక మెసేజో తీసుకుని, డబ్బు మాత్రం ఓనరు ఖాతాకే పంపండి.

అగ్రిమెంటులో ఈ నాలుగు వాక్యాలు లేకపోతే రాయించుకోండి:

- ఖాళీ చేసేటప్పుడు ఎన్ని రోజుల నోటీసు, అది ఇద్దరికీ సమానమా.
- అడ్వాన్సు తాళాలిచ్చిన ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు.
- పెయింటింగ్ కోత గరిష్ఠంగా ఎంత.
- మోటారు, పైపులు, చెమ్మ లాంటి పెద్ద రిపేర్లు ఎవరి ఖర్చు.

తాళాలు తీసుకునే రోజు కరెంటు మీటరు రీడింగ్, గోడలు, గీజర్, కుళాయిలు ఫోన్‌లో వీడియో తీసి అదే సాయంత్రం ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. కింద ఒక వాక్యం రాయండి: "ఇవాళ తాళాలు తీసుకున్నామండి, ఇల్లు ఈ స్థితిలో ఉంది, మీటరు రీడింగ్ ఫొటోలో ఉంది." ఆయన "సరే" అని పెట్టేదాకా ఆ చాట్ డిలీట్ చేయకండి, పెట్టాక కూడా చేయకండి.